వడ్డీ రేటు నిర్ణయాల చుట్టూ డాలర్-యెన్ జతను చదవడం ఎలా: రెండేళ్ల బాండ్ల తేడాతో అడుగడుగునా

2024 మార్చి 19న బ్యాంక్ ఆఫ్ జపాన్ పదిహేడేళ్ల తర్వాత తొలిసారిగా వడ్డీ పెంచింది. మైనస్ 0.1 శాతంగా ఉన్న రేటును 0 నుంచి 0.1 శాతం మధ్యకు తెచ్చింది. వడ్డీ పెరిగితే ఆ కరెన్సీ బలపడుతుందని చదువుకున్నవారు ఆ రోజు యెన్ పెరుగుతుందని ఎదురుచూశారు. జరిగింది దానికి తలకిందులు: 149 దగ్గర ఉన్న డాలర్ 150 యెన్‌లు దాటింది. అదే ఏడాది డిసెంబర్ 18న అమెరికా ఫెడరల్ రిజర్వ్ తన రేటును 0.25 శాతం తగ్గించింది, డాలర్ మాత్రం పెరిగింది. మరునాడు బ్యాంక్ ఆఫ్ జపాన్ రేటును కదపకపోవడంతో డాలర్ 157 యెన్‌లు కూడా దాటింది.

ఈ రెండు రోజుల్లోనూ మార్కెట్ తర్కం తప్పలేదు. కరెన్సీ జతను నడిపేది ప్రకటించిన రేటు కాదు, రెండు దేశాల వడ్డీల మధ్య తేడా రాబోయే కాలంలో ఎలా ఉండబోతుందన్న అంచనాలో వచ్చే మార్పు. ఆ అంచనాను ఎక్కడ చూడాలి, ఎలా కొలవాలి, నిర్ణయం వెలువడే రోజున దాన్ని ఏ వరుసలో చదవాలి, అది ఎప్పుడు పనిచేయదు అన్నవి డాలర్-యెన్ జత ఆధారంగా వివరిస్తాను. ఈ జతనే తీసుకోవడానికి కారణం, కొన్నేళ్లుగా రెండు వైపుల వడ్డీల మధ్య ఇంత పెద్ద తేడా, ఇంత స్పష్టమైన మలుపులు ప్రధాన జతల్లో మరెక్కడా కనిపించలేదు.

మొదటి అడుగు: తేడాను రెండేళ్ల ప్రభుత్వ బాండ్లతో కొలవండి

కేంద్ర బ్యాంకు రేటు మెట్లు మెట్లుగా కదులుతుంది, సమావేశానికీ సమావేశానికీ మధ్య వారాల తరబడి ఒకేచోట ఉంటుంది. కరెన్సీ మాత్రం ప్రతి నిమిషం కదులుతుంది. అందువల్ల ఆ రేటుతో కరెన్సీని పోల్చితే పెద్దగా ఏమీ కనిపించదు. రెండేళ్ల బాండు రాబడి అలా కాదు. రాబోయే రెండేళ్లలో కేంద్ర బ్యాంకు రేటు సగటున ఎంత ఉంటుందని మార్కెట్ అనుకుంటోందో, ఆ రాబడి దాదాపు అంతే ఉంటుంది. పదేళ్ల బాండులో ప్రభుత్వ అప్పు భారం, దీర్ఘకాలంలో ధరలు పెరుగుతాయన్న భయం వంటివి కూడా కలిసిపోతాయి. పైగా జపాన్‌లో 2016 సెప్టెంబర్ నుంచి 2024 మార్చి వరకు పదేళ్ల రాబడిని కేంద్ర బ్యాంకే పట్టి ఉంచింది కాబట్టి, ఆ కాలానికి సంబంధించి ఆ అంకె మార్కెట్ మనసును చెప్పదు.

అమెరికా ట్రెజరీ శాఖ, జపాన్ ఆర్థిక మంత్రిత్వ శాఖ రెండూ తమ బాండ్ల రాబడులను రోజువారీగా ప్రచురిస్తాయి. అమెరికా రెండేళ్ల రాబడి నుంచి జపాన్ రెండేళ్ల రాబడిని తీసివేస్తే వచ్చేదే మనకు కావలసిన తేడా.

ఈ తేడాకు ధరతో సంబంధం ఎలా ఏర్పడుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. డాలర్ 150 యెన్‌ల దగ్గర ఉంది, ఏడాదికి అమెరికా వడ్డీ 5 శాతం, జపాన్ వడ్డీ 0.1 శాతం అనుకుందాం. ఒకరు 150 యెన్‌లు అప్పు చేసి ఒక డాలర్ కొని దాన్ని డిపాజిట్ చేశారు. ఏడాది చివర ఆయన చేతిలో 1.05 డాలర్లు ఉంటాయి, తీర్చవలసింది 150.15 యెన్‌లు. భాగిస్తే 143 వస్తుంది. అంటే డాలర్ 150 నుంచి 143కు పడిపోయినా ఆయనకు నష్టం లేదు. ఏడాది తర్వాతి మార్పిడికి మార్కెట్ ఇప్పుడే కుదుర్చుకునే ఫార్వర్డ్ ధర కూడా దాదాపు ఈ 143 దగ్గరే ఉంటుంది.

ఈ ఏడు యెన్‌ల దిండును చూసే చాలామంది డాలర్‌ను పట్టుకుని కూర్చుంటారు. దాన్ని రోజులకు పంచితే మాత్రం రోజుకు 0.02 యెన్‌లు కూడా రావు. డాలర్ ఒకే రోజులో ఒక యెన్ పడితే యాభై రోజుల వడ్డీ ఆదాయం తుడిచిపెట్టుకుపోతుంది. తేడా ఎంత ఉందన్నది రోజువారీ ఆదాయాన్ని నిర్ణయిస్తుంది, తేడా ఎటు మారుతోందన్నది ధరను నిర్ణయిస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకోవడమే కొత్తవారు చేసే పొరపాట్లలో అన్నిటికంటే ఖరీదైనది. తేడా ఇంకా 4 శాతానికి పైగా ఉందన్న ధీమాతో, అది తగ్గడం మొదలైన తర్వాత కూడా పొజిషన్ వదలని వారిని నేను చూశాను.

రెండవ అడుగు: తేడా ఒక శాతం మారితే ధర ఎన్ని యెన్‌లు మారుతోందో లెక్కించండి

2022 మార్చి 16న ఫెడ్ వడ్డీ పెంపు మొదలుపెట్టినప్పుడు రెండేళ్ల తేడా సుమారు 1.9 శాతం, డాలర్ 118 యెన్‌ల పైచిలుకు. అదే ఏడాది అక్టోబర్ 21 నాటికి తేడా సుమారు 4.5 శాతానికి చేరింది, డాలర్ 150 దాటింది. 2.6 శాతం పాయింట్లకు సుమారు 32 యెన్‌లు, అంటే ఒక్కో పాయింటుకు పన్నెండు యెన్‌లు. ఈ పన్నెండును గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

మీరు సొంతంగా లెక్కించేటప్పుడు రెండు తేదీల మధ్య గీత గీయడం చాలదు. ఒక స్ప్రెడ్‌షీట్‌లో తేదీ, అమెరికా రాబడి, జపాన్ రాబడి, తేడా, డాలర్-యెన్ ధర అన్న ఐదు నిలువు వరుసలు పెట్టుకోండి. ఆరవ వరుసలో తేడాలో వచ్చిన వారపు మార్పు, ఏడవ వరుసలో ధరలో వచ్చిన వారపు మార్పు రాయండి. ఆపై ఈ రెండు సూత్రాలు సరిపోతాయి:

```
=SLOPE(G3:G28, F3:F28)
=RSQ(G3:G28, F3:F28)
```

మొదటిది ఒక పాయింటుకు ఎన్ని యెన్‌లో చెబుతుంది. రెండవది ఆ సంబంధం ఎంత గట్టిగా ఉందో 0 నుంచి 1 మధ్య చెబుతుంది. ఇక్కడ ఇరవై ఆరు వారాలు, అంటే ఆరు నెలలు తీసుకున్నాను. రోజువారీ మార్పులు కాకుండా వారపు మార్పులే వాడమనడానికి కారణం ఉంది. టోక్యో బాండ్ల మార్కెట్ మూసేసిన చాలా గంటల తర్వాత గానీ న్యూయార్క్ మూతపడదు కాబట్టి, ఒకే తేదీ కింద రాసిన రెండు రాబడులు నిజానికి ఒకే సమయానివి కావు. వారానికి చూస్తే ఈ లోపం చాలా వరకు పలచబడుతుంది. అలాగే ధరల స్థాయిలను స్థాయిలతో పోల్చకుండా మార్పులను మార్పులతోనే పోల్చండి. ఏళ్ల తరబడి ఒకే దిశలో సాగిన ఏ రెండు అంకెల మధ్యనైనా, లేని బంధుత్వం ఉన్నట్టు కనిపిస్తుంది.

మూడవ అడుగు: నిర్ణయానికి ముందే ధరలో ఏముందో తెలుసుకోండి

ఫెడ్ విషయంలో ఇది, రాబోయే నెలల రేటుపై మార్కెట్‌లో జరిగే ఒప్పందాలైన ఫెడ్ ఫండ్స్ ఫ్యూచర్స్ ద్వారా తెలుస్తుంది. ఆ ఫ్యూచర్స్ ధరను 100 నుంచి తీసివేస్తే, ఆ నెల మొత్తానికి మార్కెట్ ఊహిస్తున్న సగటు రేటు వస్తుంది. 2024 సెప్టెంబర్‌ను తీసుకుందాం. సమావేశం 18న ముగుస్తుంది, కొత్త రేటు 19 నుంచి అమలవుతుంది. అంటే 18 రోజులు పాత రేటు, 12 రోజులు కొత్త రేటు. అప్పటి వాస్తవ ఓవర్‌నైట్ రేటు, అంటే బ్యాంకులు ఒక రాత్రికి ఇచ్చుకునే అప్పుపై రేటు, 5.33 శాతం. సమావేశానికి ముందు ఫ్యూచర్స్ ధర 94.82 ఉందని అనుకుందాం, అంటే నెల సగటు 5.18 శాతం.

```
(18 × 5.33 + 12 × X) / 30 = 5.18
X = 4.955
5.33 − 4.955 = 0.375
```

మార్కెట్ 0.375 శాతం తగ్గింపును ధరలో పెట్టుకుంది. ఫెడ్ అలాంటి తగ్గింపు చేయదు, 0.25 గానీ 0.50 గానీ చేస్తుంది. కాబట్టి ఆ రెండింటికీ చెరి సగం అవకాశం ఉందని దాని అర్థం. ఏది ప్రకటించినా 0.125 శాతం మేర ఆశ్చర్యం తప్పదు. నిజంగానే ఆ సమావేశానికి ముందు మార్కెట్ ఈ రెండింటి మధ్య చీలిపోయి ఉంది, ఫెడ్ 0.50 తగ్గించింది.

సమావేశం నెలాఖరులో ఉంటే ఈ లెక్కను అదే నెల కాంట్రాక్టుతో చేయకండి. కొత్త రేటుకు రెండు మూడు రోజులే మిగులుతాయి కాబట్టి ధరలో చిన్న కదలిక కూడా X విలువను విపరీతంగా ఊపేస్తుంది. తర్వాతి నెలలో సమావేశం లేకపోతే ఆ నెల కాంట్రాక్టు ధరే నేరుగా కొత్త రేటును చెబుతుంది. జపాన్ వైపు ఇదే సమాచారం, రాబోయే ఓవర్‌నైట్ రేటుపై జరిగే ఒప్పందాలైన ఓవర్‌నైట్ ఇండెక్స్ స్వాప్‌ల ధరల్లో దొరుకుతుంది. అవి అందుబాటులో లేనివారు, సమావేశానికి ముందు రెండు వారాల్లో జపాన్ రెండేళ్ల రాబడి ఎంత పెరిగిందో చూసినా మార్కెట్ ఎటు మొగ్గిందో గ్రహించవచ్చు. 2024 మార్చి 19న జరిగింది ఇదే: పెంపు ముందే ధరలో కలిసిపోయింది, ఇకపైనా అప్పు చౌకగా దొరికే పరిస్థితులే ఉంటాయన్న మాట మాత్రం కొత్తగా వినిపించింది.

నాలుగవ అడుగు: ఆ గంటలో ముందు బాండును, తర్వాతే కరెన్సీని చూడండి

ఫెడ్ ప్రకటన న్యూయార్క్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు వస్తుంది, అధ్యక్షుడి విలేకరుల సమావేశం 2:30కు మొదలవుతుంది. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ సమావేశాల్లో సభ్యుల రేట్ల అంచనాలు కూడా ప్రకటనతో పాటే వెలువడతాయి. బ్యాంక్ ఆఫ్ జపాన్‌కు నిర్ణీత సమయం లేదు. సాధారణంగా టోక్యో మధ్యాహ్న వేళలో ప్రకటన వస్తుంది, గవర్నర్ మాట్లాడేది మధ్యాహ్నం 3:30కు.

2024 డిసెంబర్ 18ని దగ్గరగా చూద్దాం. 0.25 తగ్గింపు దాదాపు పూర్తిగా ధరలో ఉంది కాబట్టి ఆ వాక్యంలో కొత్త సంగతి లేదు. కొత్త సంగతి అంచనాల పట్టికలో ఉంది. 2025 చివరి నాటికి రేటు ఎంత ఉంటుందన్న మధ్యస్థ అంచనా సెప్టెంబర్‌లో 3.4 శాతం, డిసెంబర్‌లో 3.9 శాతం. అంటే ఆ ఏడాదికి నాలుగు తగ్గింపులనుకున్నవి రెండుకు పడిపోయాయి. వెంటనే అమెరికా రెండేళ్ల రాబడి పెరిగింది, తేడా విస్తరించింది, డాలర్ దాని వెనకే నడిచింది. శీర్షికలో ఉన్న ‘తగ్గింపు’ అన్న మాటను పట్టుకుని డాలర్‌ను అమ్మినవారు చదవవలసిన కాగితాన్ని వదిలేసి పక్క కాగితాన్ని చదివినట్టయింది.

కాబట్టి తెరపై రెండేళ్ల రాబడిని, డాలర్-యెన్‌ను పక్కపక్కనే పెట్టుకోండి. ప్రకటన తర్వాత తొలి నిమిషాల్లో స్ప్రెడ్, అంటే కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య దూరం, సాధారణం కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది, నష్టాన్ని ఆపడానికి ముందే పెట్టుకున్న స్టాప్‌లాస్ అనుకున్న ధర దగ్గర కాక దూరంగా అమలవుతుంది. అప్పుడు లావాదేవీ చేయవలసిన అవసరం ఈ పద్ధతిలో లేదు. కరెన్సీ ఎగిసి రాబడి కదలకపోతే ఆ ఎగుడు చాలాసార్లు నిలవదు. రాబడి కదిలి, విలేకరుల సమావేశం ముగిసేసరికి కూడా ఆ కదలిక నిలిచి ఉంటే, ఆ మార్పును రెండవ అడుగులో వచ్చిన సంఖ్యతో గుణించి ధర ఇంకా ఎంత వెనకబడి ఉందో చూడవచ్చు. రాబడి తేడా 0.15 పాయింట్లు పెరిగితే, పాయింటుకు పన్నెండు యెన్‌ల చొప్పున 1.8 యెన్‌ల కదలిక సబబు. ధర అప్పటికే రెండున్నర యెన్‌లు వెళ్లిపోయి ఉంటే వెంటపడకపోవడమే మంచిది.

ఐదవ అడుగు: ధర, తేడా విడిపోయిన చోటును పట్టుకోండి

ఈ పద్ధతి విలువ నాకు పూర్తిగా అర్థమైంది 2024 వేసవిలో. ఏప్రిల్ 29న డాలర్ 160 యెన్‌లను తాకింది. ఆ రోజుల్లో అమెరికా రెండేళ్ల రాబడి 5 శాతం దగ్గర, జపాన్‌ది 0.3 శాతం దగ్గర ఉన్నాయి, తేడా సుమారు 4.7. జపాన్ ప్రభుత్వం జోక్యం చేసుకుని డాలర్లు అమ్మింది, ధర దిగింది, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. జూలై 3న డాలర్ 161.9 దాటి కొత్త గరిష్ఠాన్ని చూసింది. అయితే ఆ రోజు అమెరికా రాబడి 4.7 శాతమే, తేడా సుమారు 4.35. ధర కొత్త ఎత్తుకు వెళ్లింది, దాన్ని మోయవలసిన తేడా మాత్రం మూడో వంతు పాయింటుకు పైగా కిందికి దిగి ఉంది.

అంత ఎత్తున ధరను నిలిపింది వడ్డీ తేడా కాదు, గుంపు. అమెరికా సరకు ఫ్యూచర్స్ నియంత్రణ సంస్థ ప్రతి శుక్రవారం, ఆ వారం మంగళవారం నాటి పొజిషన్ల నివేదిక ఇస్తుంది. జూలై మొదట్లో యెన్‌ను అమ్మిన నికర కాంట్రాక్టులు 1,80,000 దాటాయి. అమ్మవలసినవారంతా అప్పటికే అమ్మేశారని ఆ అంకెకు అర్థం.

తర్వాతి వరుస ఇలా సాగింది. జూలై 11న అమెరికా జూన్ ధరల సూచీ నెల ప్రాతిపదికన 0.1 శాతం తగ్గినట్టు వెలువడింది, రాబడి పడింది, జపాన్ ప్రభుత్వం సరిగ్గా ఆ అదను చూసి మళ్లీ జోక్యం చేసుకుంది. జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ రేటును 0.25 శాతానికి పెంచింది, గవర్నర్ కజువో ఉయెదా 0.5 శాతాన్ని ప్రత్యేకమైన హద్దుగా చూడటం లేదన్నారు. అదే రోజు ఫెడ్ అధ్యక్షుడు జెరోమ్ పావెల్ సెప్టెంబర్‌లో తగ్గింపు జరగవచ్చని సూచించారు. ఒక వైపు పైకి, మరో వైపు కిందికి: తేడా రెండు చివర్ల నుంచీ కుదించుకుపోయింది. ఆగస్టు 2న అమెరికా నిరుద్యోగ రేటు 4.3 శాతానికి పెరిగినట్టు తెలియడంతో రెండేళ్ల రాబడి 3.9 శాతం దగ్గరకు జారింది. తేడా సుమారు 3.5.

ఇప్పుడు పన్నెండు యెన్‌ల లెక్క వేద్దాం. ధర, తేడా కలిసి ఉన్న ఏప్రిల్ చివరి నుంచి మొదలుపెడితే, తేడా 4.7 నుంచి 3.5కు, అంటే 1.2 పాయింట్లు తగ్గింది. 14 యెన్‌లకు కాస్త పైన. 160 నుంచి తీసివేస్తే 146 దగ్గరకు రావాలి. ఆగస్టు 2న డాలర్ ముగిసింది సుమారు 146.5 దగ్గర. జూలై గరిష్ఠం నుంచి లెక్కించినవారికి ఈ పతనం అర్థంకాని విపత్తులా కనిపించింది, ఏప్రిల్ నుంచి లెక్కించినవారికి అందులో అధిక భాగం అప్పు తీర్చుకోవడంలా కనిపించింది.

ఆగస్టు 5న జరిగింది మాత్రం వేరు. టోక్యో నిక్కీ సూచీ ఒకే రోజు 12.4 శాతం పడింది, డాలర్ 142 లోపుకు జారింది. ఆ చివరి నాలుగైదు యెన్‌లు వడ్డీ తేడా అడిగినవి కావు, సొంత డబ్బుకు ఎన్నో రెట్లు యెన్ అప్పు చేసినవారు హామీగా ఉంచిన మార్జిన్ చాలక బలవంతంగా తిరిగి కొన్నవి. ఆగస్టు 7న డిప్యూటీ గవర్నర్ షినిచి ఉచిదా మార్కెట్లు అస్థిరంగా ఉన్నప్పుడు రేటు పెంచబోమని చెప్పగానే డాలర్ 147 దాటింది. నెల మధ్యకల్లా ఫ్యూచర్స్‌లో నికర పొజిషన్ యెన్ కొనుగోలు వైపుకు తిరిగిపోయింది.

ఇదంతా జరిగిన తర్వాత వేసిన లెక్క అని, ప్రతిసారీ ఇంత దగ్గరగా కుదరదని స్పష్టంగా చెప్పాలి. జూలై 3న ఈ విడిపోవడాన్ని గమనించినా మలుపుకు ఎనిమిది రోజులు పట్టింది. ఆ వారంలో డాలర్‌ను అమ్మినవారు పొజిషన్‌ను రాత్రికి నిలుపుకున్నందుకు రోజూ స్వాప్ అనే వడ్డీ తేడా చెల్లిస్తూ ఎదురుచూడవలసి వచ్చింది, బుధవారం నాడు సాధారణంగా మూడు రోజుల స్వాప్ ఒకేసారి పడుతుంది. కాబట్టి విడిపోవడం ఒక్కటే లావాదేవీకి చాలదు. తేడా కొత్తగా ఒక మెట్టు దిగి, ధర దానికి తగ్గట్టుగా మునుపటి వారపు కనిష్ఠం కిందికి వచ్చిన తర్వాత ప్రవేశించడం నా పద్ధతి. కొంత లాభం వదులుకోవలసి వస్తుంది, అయినా తప్పుడు వైపు నిలబడి స్వాప్ కట్టే రోజులు తగ్గుతాయి.

ఆరవ అడుగు: ఈ సంబంధం తెగిపోయినప్పుడు గుర్తించండి

పాయింటుకు పన్నెండు యెన్‌లన్నది కొన్ని నెలల పాటు నిలిచే కొలత, ఏళ్ల తరబడి చెల్లే సూత్రం కాదు. 2022 అక్టోబర్‌లో 4.5 తేడాకు డాలర్ 150 దగ్గర ఉంటే, 2024 ఏప్రిల్‌లో 4.7 తేడాకే 160 దగ్గర ఉంది. మరీ స్పష్టమైన ఉదాహరణ, 2024 సెప్టెంబర్ మధ్యలో తేడా సుమారు 3.2 ఉండగా డాలర్ 141 దగ్గర ఉంది, 2025 నవంబర్‌లో తేడా దాదాపు 2.5కు తగ్గినా డాలర్ 155 దాటింది. జపాన్ ప్రభుత్వ ఖర్చు, అప్పు గురించిన ఆందోళన యెన్‌ను బలహీనపరుస్తూ, అదే సమయంలో జపాన్ రాబడులను పెంచింది. రాబడి పెరగడానికి కారణం కేంద్ర బ్యాంకు కఠినత్వం కాక ప్రభుత్వ ఖాతాలపై సందేహమైతే, పెరిగిన రాబడి కరెన్సీకి బలం ఇవ్వదు. 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన తర్వాత అమెరికాలోనూ ఇలాంటిదే కనిపించింది: దీర్ఘకాల రాబడులు పెరుగుతుండగా డాలర్ పడిపోయింది.

దీన్ని పట్టుకునే గుర్తులు రెండు. మీ స్ప్రెడ్‌షీట్‌లో RSQ విలువ కొన్ని వారాలుగా జారుతూ 0.2 లోపుకు వస్తే, ధరను వేరే ఏదో నడుపుతోందన్నమాట. రెండవది, పదేళ్ల, ముప్పై ఏళ్ల రాబడులు రెండేళ్ల రాబడి కంటే వేగంగా పెరుగుతూ కరెన్సీ పడుతుంటే, కారణం వడ్డీ అంచనా కాదు. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు నేను ఆ జతలో తేడా ఆధారంగా ఏ లావాదేవీ చేయను. పట్టికలో అంకెలు రాయడం మాత్రం ఆపను, RSQ మళ్లీ 0.4 దాటి నాలుగైదు వారాలు నిలిచినప్పుడు కొత్త ఆరంభ స్థాయితో, కొత్త SLOPE విలువతో లెక్కను మొదటి నుంచి వేస్తాను.